మార్కుల పట్టికలో ర్యాంకులు: ఏ సూత్రం ఎప్పుడు వాడాలి?

పలాస దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను లెక్కల మాస్టారిగా పనిచేసిన రోజుల్లో, పదో తరగతి ప్రీ ఫైనల్ పరీక్షల ర్యాంకుల జాబితా ఎక్సెల్‌లో తయారుచేసి నోటీసు బోర్డు మీద అంటించాను. మర్నాడు ఒక తల్లి వచ్చారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళుతూ దారిలో ఆగారు. జాబితా మీద వేలు పెట్టి చూసుకుంటూ, "మాస్టారూ, మా పాపది మూడో ర్యాంకు అన్నారు. మరి రెండో ర్యాంకు ఎవరిది? ఎక్కడా కనపడటం లేదు" అన్నారు.

నిజమే. జాబితాలో ఒకటి ఉంది, తర్వాత మూడు అని రెండుసార్లు ఉంది. రెండు లేదు. ఆ రెండో స్థానం మొత్తం మార్కుల్లో ముందుండి లెక్కల్లో తప్పిన ఇంకో అమ్మాయిది. ఆమె పేరు ఎదురుగా గీత పెట్టాను కాబట్టి తప్పు సరిదిద్దినట్టే అనుకున్నాను. కానీ ఆ ఖాళీ రెండు పనులు చేసింది. పాసైన పిల్లకు దక్కాల్సిన రెండో ర్యాంకు దక్కకుండా చేసింది, తప్పిన పిల్ల ఎవరో ఊరంతటికీ చెప్పింది. ఆ రోజు నుంచి ర్యాంకు సూత్రాన్ని ఎంచుకునే ముందు ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నాం, సమానమైనవాళ్లను ఏం చేస్తున్నాం అన్న రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఏ సూత్రం దేనికి పనికొస్తుందో తేల్చేవి ఈ రెండే.

ఏడుగురు పిల్లల చిన్న పట్టిక తీసుకుందాం. A లో రోల్ నంబరు, B లో పేరు, C నుంచి H వరకు వరుసగా తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, సైన్స్, సోషల్. మొదటి అడ్డవరుసలో శీర్షికలు. రెండో అడ్డవరుసలో ప్రతి సబ్జెక్టు కింద దాని పాస్ మార్కు. మన రాష్ట్రంలో పదో తరగతికి హిందీలో 20, మిగతావాటిలో 35 కాబట్టి C2 లో 35, D2 లో 20, E2 నుంచి H2 వరకు 35 వేయాలి. పిల్లలు మూడో వరుస నుంచి మొదలవుతారు.

| రోల్ | తెలుగు | హిందీ | ఇంగ్లీషు | గణితం | సైన్స్ | సోషల్ | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|
| 1 | 88 | 79 | 81 | 92 | 86 | 90 | 516 |
| 2 | 91 | 82 | 84 | 31 | 95 | 93 | 476 |
| 3 | 80 | 74 | 72 | 85 | 79 | 82 | 472 |
| 4 | 84 | 77 | 75 | 78 | 77 | 81 | 472 |
| 5 | 76 | 24 | 70 | 88 | 80 | 75 | 413 |
| 6 | 82 | 80 | AB | 90 | 88 | 85 | 425 |
| 7 | 60 | 35 | 48 | 52 | 55 | 58 | 308 |

ఇందులో నలుగురిని గుర్తుపెట్టుకోండి. 2వ నంబరు లెక్కల్లో తప్పింది. 3, 4 నంబర్లకు మొత్తం సమానం. 6వ నంబరు ఇంగ్లీషు పరీక్షకు రాలేదు. వీళ్లతో పాటు 5వ నంబరునూ ఒక కంట కనిపెట్టండి. హిందీలో 24 వచ్చాయి, కాబట్టి పాసే.

ముందు పాసో కాదో తేలాలి

ర్యాంకు సూత్రం ఎంత బాగున్నా పాస్ నిర్ణయం తప్పితే అంతా తప్పుతుంది. నేను చూసిన పట్టికల్లో పొరపాట్లు ర్యాంకు దగ్గరకన్నా ఇక్కడే ఎక్కువ. చాలామంది రాసేది ఇది:

```
=IF(COUNTIF(C3:H3,"<35")=0,"P","F")
```

చిన్నది, చదవడానికి తేలిక. కానీ 5వ నంబరు పిల్లవాడికి హిందీలో 24 ఉంది కాబట్టి వాడిని ఫెయిల్ చేస్తుంది. 6వ నంబరును మాత్రం పాస్ చేస్తుంది! COUNTIF అంకెలనే 35తో పోల్చి చూస్తుంది. AB అన్నది అక్షరాలు కాబట్టి దాన్ని వదిలేసి, 35 కన్నా తక్కువ ఒక్కటీ లేదని చెబుతుంది.

దీన్ని తప్పించుకుందామని ఒక్కో సబ్జెక్టుకు విడివిడిగా AND లో C3>=35, D3>=20 అంటూ రాసేవారు ఉన్నారు. హిందీ సమస్య తీరుతుంది. గైర్హాజరు సమస్య మాత్రం అలాగే ఉంటుంది, దానికి కారణం తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ అక్షరాలను అంకెతో పోల్చినప్పుడు అక్షరాలే పెద్దవి. అంటే AB 35 కన్నా ఎక్కువ. పరీక్షకు రాని పిల్లకు ఇంగ్లీషులో పాస్ అని వస్తుంది, పైగా ఎక్కడా ఎర్రగా లోపం కనిపించదు.

అందుకని నేను వాడేది ఇది. I3 లో మొత్తం, J3 లో తప్పిన సబ్జెక్టుల సంఖ్య, K3 లో ఫలితం:

```
I3: =SUM(C3:H3)
J3: =SUMPRODUCT(1-ISNUMBER(C3:H3)*(C3:H3>=C$2:H$2))
K3: =IF(J3=0,"P","F")
```

J3 ఏం చేస్తోందో 6వ నంబరు పిల్లతో చూద్దాం. ఒక్కో గడికి రెండు పరీక్షలు పెడుతుంది: అక్కడున్నది అంకేనా, అది పైనున్న పాస్ మార్కును చేరిందా. రెండూ అవునంటే 1, ఏ ఒక్కటి కాదన్నా 0. ఇంగ్లీషు గడిలో AB ఉంది. అది 35 కన్నా పెద్దదని రెండో పరీక్ష పొరబడినా, అంకె కాదని మొదటిది పట్టుకుంటుంది. కాబట్టి అక్కడ 0. ఒకటిలోంచి దాన్ని తీసేస్తే తప్పిన సబ్జెక్టు 1 అని తేలుతుంది. గడి ఖాళీగా వదిలేసినా ఇదే జరుగుతుంది. హిందీకి 20 విడిగా రాయనవసరం లేదు, రెండో వరుసలోంచి తీసుకుంటుంది. రేపు 25 మార్కుల చిన్న పరీక్షకు ఇదే పట్టిక వాడాలంటే రెండో వరుసలో అంకెలు మారిస్తే చాలు.

ఇంకో మేలు కూడా ఉంది. వాట్సాప్‌లో వచ్చిన మార్కులను అతికించినప్పుడు కొన్ని అంకెలు అక్షరాల రూపంలో పడతాయి. చూడటానికి 78 లాగే ఉంటుంది, కానీ గడిలో ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. SUM దాన్ని మొత్తంలో కలపదు. ఈ సూత్రం అయితే దాన్ని తప్పిన సబ్జెక్టుగా చూపిస్తుంది, కాబట్టి 78 వచ్చిన పిల్ల ఫెయిల్ ఎలా అయిందని మనం వెంటనే వెతుక్కుంటాం. ఆ గడిలో మార్కు మళ్లీ టైపు చేస్తే సరిపోతుంది. అక్కడే ఉండి చెవిలో చెప్పే తప్పు, మౌనంగా మొత్తాన్ని తగ్గించే తప్పు కన్నా ఎంతో నయం.

ర్యాంకు ఇచ్చే దారులు

అందరికీ తెలిసింది RANK.EQ. 2010 ఎక్సెల్ నుంచి ఉంది. అంతకన్నా పాత ఎక్సెల్ ఉన్న బడి కంప్యూటర్‌లో #NAME? అని వస్తే కంగారు పడకండి, అక్కడ RANK అని రాయాలి, పని ఒకటే. దాని తోబుట్టువు RANK.AVG సమానమైన ఇద్దరికీ 2.5 వంటి సగటు ర్యాంకు ఇస్తుంది. బడి జాబితాలో రెండున్నరో ర్యాంకు ఎవరికీ పనికిరాదు, దాన్ని పక్కన పెట్టేద్దాం.

```
=RANK.EQ(I3,I$3:I$9)
=IF(K3="P",RANK.EQ(I3,I$3:I$9),"-")
```

మొదటి పంక్తి పాస్ ఫెయిల్ చూడదు. లెక్కల్లో 31 వచ్చిన అమ్మాయికి రెండో ర్యాంకు ఇస్తుంది. రెండో పంక్తి ఆమె ర్యాంకును దాచిపెడుతుంది తప్ప ఆమెను లెక్కలోంచి తీసేయదు. నా నోటీసు బోర్డు మీద జరిగింది ఇదే. ఆమె వెనకున్న ఇద్దరూ మూడులోనే ఉండిపోయారు.

దీనికి విరుగుడు COUNTIFS. ఇది ర్యాంకును వెతకదు, మనుషులను లెక్కపెడుతుంది. "పాసైనవాళ్లలో నా కన్నా ఎక్కువ మార్కులు ఎందరికి వచ్చాయి? దానికి ఒకటి కలిపితే నా ర్యాంకు."

```
=IF(K3="P",COUNTIFS(K$3:K$9,"P",I$3:I$9,">"&I3)+1,"-")
```

3వ నంబరు పిల్లకు దీన్ని వర్తింపజేద్దాం. 472 కన్నా ఎక్కువ ఉన్నది 516, 476. అందులో 476 ఫెయిల్, కాబట్టి లెక్కకు రాదు. మిగిలింది ఒక్కరు. ఒకటికి ఒకటి కలిపితే రెండు. 4వ నంబరుకూ అంతే. ఇద్దరూ రెండో ర్యాంకు, తర్వాత 413 వచ్చిన పిల్లవాడు నాలుగు.

ఇక్కడ కొందరికి అభ్యంతరం ఉంటుంది. "రెండు తర్వాత మూడు రావాలి కదా, నాలుగు ఎందుకు?" అలా కావాలంటే వేరే సూత్రం ఉంది. అది మనుషులను కాకుండా వేర్వేరు మొత్తాలను లెక్కపెడుతుంది. 472 ఇద్దరికి వచ్చినా దాన్ని ఒక్క మెట్టుగానే చూస్తుంది.

```
=IF(K3="P",ROUND(SUMPRODUCT((K$3:K$9="P")*(I$3:I$9>I3)
/COUNTIFS(K$3:K$9,K$3:K$9,I$3:I$9,I$3:I$9)),0)+1,"-")
```

రెండు పంక్తులుగా కనిపిస్తున్నా ఇది ఒకే సూత్రం, ఒకే గడిలో రాయాలి. ఇందులో కిటుకు భాగహారంలో ఉంది. 472 ఇద్దరికి వచ్చింది కాబట్టి ఒక్కొక్కరూ అరగా లెక్కకొస్తారు, రెండు అరలు కలిస్తే ఒకటి. ముగ్గురుంటే మూడు మూడోవంతులు. మూడోవంతులను కలిపేటప్పుడు కంప్యూటర్ దగ్గర వెంట్రుకవాసి తేడా మిగలవచ్చు, అందుకే ROUND. ఇది కొంచెం సుకుమారమైన సూత్రం. పరిధిని చివరి పిల్లవాడి వరుస దగ్గరే ఆపాలి. ముందుచూపుతో కింద ఖాళీ వరుసలు కూడా కలిపితే సున్నాతో భాగించాల్సి వచ్చి జాబితా అంతటా #DIV/0! పడుతుంది. COUNTIFS కు ఆ బాధ లేదు.

చివరిది, సమానమైనప్పుడు ఒక సబ్జెక్టు చూసి విడదీయడం. గణితం F లో ఉంది కాబట్టి:

```
=IF(K3="P",COUNTIFS(K$3:K$9,"P",I$3:I$9,">"&I3)
+COUNTIFS(K$3:K$9,"P",I$3:I$9,I3,F$3:F$9,">"&F3)+1,"-")
```

మొదటి ముక్క పాతదే. రెండో ముక్క "పాసై, మొత్తం నాతో సమానంగా ఉండి, గణితంలో నన్ను మించినవాళ్లు ఎందరు" అని అడుగుతుంది. 3వ నంబరుకు గణితంలో 85, 4వ నంబరుకు 78. కాబట్టి 3కి రెండో ర్యాంకు, 4కి మూడో ర్యాంకు. గణితంలోనూ సమానమైతే ఇద్దరికీ ఒకే ర్యాంకు వస్తుంది. అది తప్పు కాదు, విడదీయడానికి మీరు ఇచ్చిన కారణం అక్కడితో అయిపోయిందని అర్థం. ఇంకా విడదీయాలంటే సైన్స్‌కు ఇలాంటిదే మరో COUNTIFS కలపాలి.

నాలుగు దారుల్లోనూ ఎవరికి ఏం వచ్చిందో పక్కపక్కన చూడండి:

| రోల్ | మొత్తం | ఫెయిల్‌ను దాచిన RANK.EQ | COUNTIFS | ఖాళీ లేని వరుస | గణితంతో విడదీసింది |
|---|---|---|---|---|---|
| 1 | 516 | 1 | 1 | 1 | 1 |
| 2 | 476 | - | - | - | - |
| 3 | 472 | 3 | 2 | 2 | 2 |
| 4 | 472 | 3 | 2 | 2 | 3 |
| 5 | 413 | 6 | 4 | 3 | 4 |
| 6 | 425 | - | - | - | - |
| 7 | 308 | 7 | 5 | 4 | 5 |

5వ నంబరు పిల్లవాడి వరుస ఒక్కటి అడ్డంగా చదవండి. అదే 413 మార్కులు, అదే తరగతి. ఒక దారిలో ఆరో ర్యాంకు, ఇంకో దారిలో మూడు. ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పే మాట సూత్రాన్ని బట్టి మారిపోతోంది.

నేనైతే ఏది ఎంచుకుంటానంటే

ప్రగతి పత్రాల్లో రాసే ర్యాంకుకు మామూలు COUNTIFS. నా దృష్టిలో అదే న్యాయమైనది, ఎందుకంటే దాని అర్థాన్ని ఏ తల్లికైనా ఒక్క వాక్యంలో చెప్పగలను: "మీ అబ్బాయిది నాలుగో ర్యాంకు అంటే వాడికన్నా ముందు ముగ్గురున్నారు." ఖాళీ లేని వరుసలో ఆ మాట చెప్పలేం. మూడో ర్యాంకు అన్న పిల్లవాడి ముందు ముగ్గురుండవచ్చు, పదిమంది ఉండవచ్చు.

ఆగస్టు 15న జెండా ఎగరేశాక మొదటి మూడు స్థానాలకు బహుమతులు ఇచ్చేటప్పుడు మాత్రం ఖాళీ లేని వరుస బాగుంటుంది. మూడో బహుమతి లేకుండా పోయే పరిస్థితి రాదు. అయితే మూడు స్థానాలకు ముగ్గురే ఉంటారని అనుకోకండి. మన పట్టికలోనే నలుగురు ఉన్నారు. బహుమతులు కొనడానికి బజారుకు వెళ్లే ముందు ఇది ఒకసారి లెక్కవేసుకోవాలి:

```
=COUNTIF(L3:L9,"<=3")
```

ర్యాంకు L లో ఉందనుకుంటే నాలుగు అని చెబుతుంది. గీతలు అక్షరాలు కాబట్టి వాటిని లెక్కపెట్టదు.

సబ్జెక్టు చూసి విడదీయడం అవసరమయ్యేది సీట్లు పరిమితంగా ఉన్నప్పుడే. జిల్లా స్థాయి పోటీకి బడి నుంచి ఇద్దరినే పంపాలి, రెండో స్థానంలో ఇద్దరున్నారు. అప్పుడు తప్పదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో కూడా సమానమైనవాళ్లను విడదీయడానికి ముందు గణితమే చూస్తారు కాబట్టి మన పిల్లలకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు. కానీ ఏ సబ్జెక్టు చూస్తామో పరీక్షకు ముందే తరగతిలో చెప్పాలి. మార్కులు వచ్చాక నిర్ణయిస్తే, ఎంత నిజాయితీగా చేసినా, ఎవరో ఒకరి కోసం చేసినట్టే కనిపిస్తుంది. మామూలు ప్రగతి పత్రానికి మాత్రం ఇది వాడవద్దని నా గట్టి అభిప్రాయం. తెలుగులో నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న 4వ నంబరును, లెక్కల్లో తక్కువ వచ్చాయని ఒక మెట్టు దించడానికి కారణమేమీ లేదు.

అంటించే ముందు

నలభై మంది ఉన్న అసలు పట్టికలో సూత్రం పనిచేస్తోందో లేదో చూడటానికి నాకు తెలిసిన తేలికైన పద్ధతి ఒక మార్కు మార్చి చూడటం. మన పట్టికలో 2వ నంబరు గణితంలో 31 తీసి 35 వేయండి. ఆమె మొత్తం 480 అవుతుంది, COUNTIFS ఉన్న చోట ఆమెకు రెండో ర్యాంకు రావాలి, 472 వచ్చిన ఇద్దరూ మూడుకు జరగాలి, 413 ఐదుకు, 308 ఆరుకు. అలా జరిగితే పాస్ నిర్ణయం, ర్యాంకు రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా ముడిపడి ఉన్నాయి. వెంటనే కంట్రోల్, Z నొక్కి పాత మార్కు వెనక్కి తెచ్చుకోండి. ఇది మరచిపోకూడదు.

జాబితా చివర్లో ఉన్న పిల్లవాడికి ఒకటో ర్యాంకు వచ్చిందంటే డాలర్ గుర్తు మరచిపోయారన్నమాట. I$3:I$9 అనడానికి బదులు I3:I9 అని రాసి కిందికి లాగితే, పరిధి కూడా ఒక్కో మెట్టూ కిందికి జారుతుంది. చివరి పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి పరిధిలో పిల్లల్లో వాడొక్కడే మిగులుతాడు, వాడే మొదటివాడు అవుతాడు.

ర్యాంకుల వరుసలో పెట్టేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పట్టికలో ఎక్కడో ఒక గడి మీద ఉండి సార్ట్ నొక్కితే, కంప్యూటర్ మొదటి వరుసను శీర్షికగా తీసుకుని, రెండో వరుసలోని పాస్ మార్కులను కూడా ఒక విద్యార్థిగా భావించి పిల్లల మధ్యలోకి తోసేయవచ్చు. అప్పుడు రెండో వరుసలోకి ఎవరో పిల్లవాడి మార్కులు వస్తాయి, అవే పాస్ మార్కులై కూర్చుంటాయి. మొదటి ర్యాంకు పిల్ల అక్కడికి చేరితే తరగతి తరగతంతా ఒక్క క్షణంలో ఫెయిల్. అందుకని A3 నుంచి L9 వరకు, అంటే పిల్లల వరుసలనే ఎంచుకుని, శీర్షికలు లేవని చెప్పి, L నిలువువరుస ప్రకారం చిన్నది నుంచి పెద్దదికి సార్ట్ చేయండి. అంకెల తర్వాతే అక్షరాలు వస్తాయి కాబట్టి గీతలున్నవాళ్లు అడుగుకు చేరతారు.

ఆ అడుగు వరుసలు నేను ఇప్పుడు బోర్డు మీద అంటించను. ర్యాంకు ఉన్నవాళ్ల వరకే ఎంచుకుని, మార్కులున్న C నుంచి K వరకు దాచిపెట్టి, ప్రింటు తీస్తాను. తప్పిన సబ్జెక్టుల సంఖ్య ఉన్న J నిలువువరుస నా దగ్గర ఉంటుంది, సాయంత్రం తరగతికి ఎవరిని ఆపాలో అది చెబుతుంది.